గురక ఆగి ఆగి వచ్చేవారికి నిద్రమాత్ర: దేన్ని దూరం పెట్టాలి, దేన్ని ఎప్పుడు ఎంచుకోవచ్చు

హైదరాబాదులోని ఒక నిద్ర పరీక్షా కేంద్రంలో రాత్రిపూట రికార్డింగులు తీసి, మరునాడు వాటిని చదివి నివేదిక తయారుచేయడం నా పని. నిరుడు మల్కాజిగిరి వైపు నుంచి యాభై ఆరేళ్ల ఒకాయన భార్యతో కలిసి వచ్చారు. రాత్రి రెండు మూడు గంటల మధ్య మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదని ఆయన ఎక్కడో చూపించుకుంటే, అల్ప్రాజోలామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాసి ఇచ్చారు. ఎనిమిది నెలలుగా రోజూ వేసుకుంటున్నారు. "గోలీ ఏస్కుంటే మంచిగ నిద్ర పడ్తది సార్, గని పొద్దుగాల లేస్తే తలకాయ నొస్తది," అన్నారాయన. పక్కనే కూర్చున్న ఆమె ఆగి ఆగి చెప్పిన మాట నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది: "ఇంతకుముందు గురక ఆగితే జెరసేపట్లనే గట్టిగ ఊపిరి గుంజుకుంటుండె సార్. గోలీ మొదలువెట్టినంక ఆగిందంటే చానసేపు రాదు. నేను లేసి కూసుంట, భయమైతది."

ఆమె గమనించినది అక్షరాలా నిజమని ఆ రాత్రి రికార్డింగులో కనిపించింది. అదెందుకు జరుగుతుందో తెలిస్తే, ఏ మాత్ర ఎవరికి ప్రమాదమో, ఏది ఎప్పుడు పరవాలేదో నిర్ణయించుకోవడం సులువవుతుంది. అందుకే పోలికలోకి వెళ్లేముందు కాసేపు గొంతు దగ్గర ఆగుదాం.

నాలుక వెనుక, కొండనాలుక కింద ఉన్న గొంతు భాగానికి ఎముక ఆసరా గానీ, గట్టి మృదులాస్థి ఆసరా గానీ లేదు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడల్లా అక్కడ ఏర్పడే చూషణ వల్ల ఆ మెత్తటి గోడలు దగ్గరకు రావాలని చూస్తాయి. వాటిని తెరిచి ఉంచేది కండరాలే. వాటిలో ముఖ్యమైనది నాలుకను ముందుకు లాగి పట్టుకునే జీనియోగ్లాసస్ అనే కండరం. మెలకువగా ఉన్నంతసేపూ చూషణ పెరిగిన క్షణంలోనే ఆ కండరం బిగుసుకుంటుంది. నిద్రలో ఆ స్పందన మందగిస్తుంది. గొంతు దారి సహజంగానే విశాలంగా ఉన్నవారికి దీనివల్ల ఇబ్బంది ఉండదు. మెడ లావుగా ఉన్నా, కింది దవడ వెనక్కి ఉన్నా, నాలుక మందంగా ఉన్నా, గొంతు దారి ఇరుకవుతుంది, కొన్నిసార్లు పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది గానీ గాలి మాత్రం లోపలికి పోదు. ఇది పది సెకన్లు, ఆపైన సాగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తాము.

మూసుకున్న గొంతు మళ్లీ తెరుచుకోవడానికి శరీరానికి రెండు దారులున్నాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే కొద్దీ, ఛాతీ పెనుగులాట ఎక్కువయ్యే కొద్దీ నాలుక కండరానికి మెదడు నుంచి ఆదేశాలు బలపడతాయి. అదృష్టం బాగుంటే మనిషి లేవకుండానే గొంతు తెరుచుకుంటుంది. అది చాలకపోతే మెదడు కొన్ని సెకన్లపాటు మేలుకుంటుంది, కండరాలు ఒక్కసారిగా బిగుస్తాయి, గురక పెద్దగా పేలినట్టు వచ్చి ఊపిరి ఆడుతుంది. ఈ మెలకువ తెల్లవారాక ఎవరికీ గుర్తుండదు. నిద్రను ముక్కలు చేసేది అదే, మనిషిని కాపాడేదీ అదే.

అల్ప్రాజోలామ్, క్లోనజిపామ్, నైట్రజిపామ్, డయాజిపామ్ వంటి బెంజోడయాజిపీన్ మాత్రలు ఈ ఏర్పాటును మూడు చోట్ల తాకుతాయి. కండరాల బిగువును కొంత సడలిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఊపిరిని పెంచే స్పందనను మందగింపజేస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కాపాడే మెలకువ రావలసిన గీతను పైకి జరుపుతాయి. ఇదివరకు ఇరవై సెకన్ల పెనుగులాటకే మేలుకున్న మెదడు ఇప్పుడు ముప్పై, నలభై సెకన్ల దాకా ఊరుకుంటుంది.

ఆ అదనపు సెకన్ల బరువు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ శాతం 96 నుంచి 90 దాకా కాస్త నెమ్మదిగానే దిగుతుంది. తొంభై దాటి కిందికి వచ్చాక ఆక్సిజన్ను పట్టి ఉంచే రక్తపు గుణం వల్లే వాలు నిటారుగా మారుతుంది. అందుకే చివరి పది సెకన్లలో జరిగే నష్టం మొదటి పది సెకన్ల నష్టం కంటే చాలా ఎక్కువ. పొట్ట లావుగా ఉండి వెల్లకిలా పడుకునేవారి ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలి తక్కువ కాబట్టి వారికి ఈ పతనం ఇంకా తొందరగా మొదలవుతుంది.

మల్కాజిగిరి ఆయన రికార్డింగునే చూద్దాం. మాత్ర వేసుకున్న రాత్రి గంటకు సగటున 26 సార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది. నివేదికలో ఏహెచ్‌ఐ అనే అంకె ఇదే. 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఒక్కో ఆగుదల సగటు నిడివి 33 సెకన్లు, అన్నిటికంటే పొడవైనది 58 సెకన్లు, ఆక్సిజన్ కనిష్ఠం 71 శాతం. చాలా నెలల తర్వాత, మాత్ర పూర్తిగా మానేశాక, మళ్లీ చేసిన పరీక్షలో గాలి పంపే సీపాప్ యంత్రపు మాస్కు పెట్టకముందు గడిచిన మొదటి మూడు గంటల్లో ఏహెచ్‌ఐ 29 వచ్చింది. అంకె మాత్రమే చూస్తే మాత్ర మానడం వల్ల జబ్బు పెరిగిందనిపిస్తుంది. కానీ సగటు నిడివి 21 సెకన్లకు, పొడవైనది 34 సెకన్లకు తగ్గాయి, కనిష్ఠ ఆక్సిజన్ 82 దగ్గర ఆగింది. గుణించి చూస్తే మాత్ర ఉన్న రాత్రి ప్రతి గంటలో పద్నాలుగు నిమిషాలకు పైగా, మాత్ర లేని రాత్రి దాదాపు పది నిమిషాలు ఆయన ఊపిరి సరిగా ఆడలేదు. రాత్రికీ రాత్రికీ కొంత తేడా ఎవరికైనా సహజంగా ఉంటుంది, మూడు గంటల్ని నిండు రాత్రితో పోల్చడంలోనూ పరిమితి ఉంది కాబట్టి ఈ తేడా అంతా మాత్ర వల్లే అనను. అయితే గొంతు మూసుకున్న తర్వాత మెలకువ ఆలస్యమవడం గీతల్లో స్పష్టంగా కనిపించింది.

అందుకే నిద్ర పరీక్ష నివేదిక చేతికి వచ్చినప్పుడు ఏహెచ్‌ఐ ఒక్కటే చూసి ఊరుకోవద్దని నా మనవి. పొడవైన ఆగుదల ఎన్ని సెకన్లు, కనిష్ఠ ఆక్సిజన్ ఎంత, 90 శాతం కింద ఎన్ని నిమిషాలు గడిచాయి అనే మూడు అంకెలనూ అడగండి. పరీక్ష రాత్రి ఏ మాత్ర వేసుకున్నారో ముందే సాంకేతిక సిబ్బందికి చెప్పండి. దాచిపెడితే నివేదిక తప్పుదారి పట్టిస్తుంది. అలాగని పరీక్ష కోసం రోజూ వేసుకునే మాత్రను సొంతంగా మానేసి రావడమూ సరికాదు.

ఇక ఎంపికల మాట. అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న, నిద్ర ఎందుకు చెడుతోంది అన్నది. పడుకున్నాక గంటల తరబడి నిద్ర పట్టకపోవడం వేరు, పట్టిన నిద్ర నడిరాత్రి తెగిపోవడం వేరు. రెండోది గొంతు మూసుకోవడం వల్ల కూడా రావచ్చు. మెలకువ వచ్చేసరికి నోరు ఎండిపోయి ఉండటం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టడం, రెండు మూడు మందులు వాడినా బీపీ దిగకపోవడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, వీటిలో కొన్నయినా ఉండి, పక్కన పడుకునేవారు ఊపిరి ఆగడం చూశామని చెబితే, ఏ నిద్రమాత్ర కంటే ముందైనా నిద్ర పరీక్ష జరగాలి. పరీక్ష జరగకుండా బెంజోడయాజిపీన్ మొదలుపెట్టడం నా దృష్టిలో వీటన్నిటిలోకీ చెడ్డ ఎంపిక. ఆ మెలకువను అణచివేయడమంటే ఇంట్లో మోగుతున్న పొగ గంటకు గుడ్డ చుట్టడమే.

నిద్రలేమి, ఆప్నియా రెండూ కలిసి ఉన్నవారు కూడా చాలామంది ఉంటారు. అలాంటివారిలో మాత్ర తప్పనిసరి అనుకుంటే, అల్ప్రాజోలామ్‌కూ జోల్పిడెమ్‌కూ మధ్య ఎంచుకోవలసిన ప్రశ్న సాధారణంగా వస్తుంది. జోల్పిడెమ్ కూడా మెదడులో అదే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది, కానీ కండరాలను సడలించే గుణం దానికి తక్కువ. శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు రెండున్నర గంటలే పడుతుంది. పది మిల్లీగ్రాముల మోతాదుతో జరిగిన ప్రయోగాల్లో మెలకువ గీత పైకి జరిగింది గానీ నాలుక కండరం పని తగ్గినట్టు కనిపించలేదు. కాబట్టి ఈ రెండింటిలో జోల్పిడెమ్ మెరుగే. కానీ "మెరుగు" అన్న మాటను "నిరపాయం" అని చదువుకోవద్దు. మెలకువ ఆలస్యమయ్యే చిక్కు దానిలోనూ ఉంది. నిద్రలో లేచి నడవడం, గుర్తులేకుండా పనులు చేయడం దాని ప్రత్యేక ఇబ్బంది. పెద్దవయసువారు రాత్రి మూత్రానికి లేచి పడిపోయే ప్రమాదం రెండింటితోనూ ఉంది.

ఇక్కడ ఒక వాస్తవాన్ని నిజాయితీగా చెప్పాలి. 2015లో కాక్రేన్ సమీక్ష ఇలాంటి మందుల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, సగటున ఏహెచ్‌ఐ పెద్దగా పెరిగినట్టు తేలలేదు. కొందరు వైద్యులు దీన్ని చూపించి భయం అనవసరమంటారు. కానీ ఆ ప్రయోగాలన్నీ కలిపినా అందులో పాల్గొన్నవారు మూడు వందల మందికి లోపే. ఎక్కువ ప్రయోగాలు కొద్ది రాత్రులకే పరిమితమైనవి, తీవ్రమైన జబ్బు ఉన్నవారు వాటిలో తక్కువ. పైగా ఎన్నిసార్లు ఆగింది అన్న లెక్క మారకుండానే ఎంతసేపు ఆగింది అన్నది మారగలదని పైన చూశాం. మరోవైపు, చిన్న ఇబ్బందికే మరీ తొందరగా మేలుకునే ఆప్నియా రోగులు కొందరుంటారు, వారిలో మెలకువ కాస్త ఆలస్యమైతే నాలుక కండరానికి బిగుసుకునే వ్యవధి దొరికి మేలు కలగవచ్చన్న పరిశోధన కూడా సాగుతోంది. ఆ కోవలోకి ఎవరొస్తారో రికార్డింగు చూసి నిపుణులు తేల్చాలి, ఇంట్లో కూర్చుని ఊహించుకోకూడదు.

మిగిలిన మాత్రల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దగ్గు, జలుబు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వంటివి మత్తు ఇస్తాయి గానీ నిద్ర సమస్యకు నమ్మదగిన మందులు కావు. వృద్ధుల్లో తికమక, మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం తెస్తాయి. మెలటోనిన్ కండరాలను సడలించదు కాబట్టి ఊపిరి విషయంలో భయం తక్కువ, కానీ నడిరాత్రి మెలకువ మీద దాని ప్రభావం కూడా తక్కువే. చాలా చిన్న మోతాదు డాక్సెపిన్, ఒరెక్సిన్ అనే మెలకువ రసాయనాన్ని అడ్డుకునే లెంబోరెక్సాంట్ తరహా కొత్త మందులు ఈ జబ్బున్నవారికి బెంజోడయాజిపీన్ల కంటే అనుకూలమైన దారులు. ఒరెక్సిన్ మందులను ఆప్నియా ఉన్నవారి మీదే పరీక్షించినప్పుడు ఊపిరి ఆగడంలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. వీటిని కూడా నిద్ర నిపుణుల సలహాతోనే వాడాలి.

ఏ మాత్రా వద్దనవలసిన వర్గం ఒకటుంది. బాగా స్థూలకాయం ఉండి పగలు కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండేవారు, పొగతాగడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, నొప్పికి ట్రమడాల్ వంటి నల్లమందు కుటుంబపు మందులు వాడేవారు మత్తిచ్చే మాత్రల జోలికి పోకూడదు. మామూలు రక్తపరీక్షలో బైకార్బొనేట్ 27 గానీ ఆపైన గానీ ఉంటే మొదటి రకాన్ని అనుమానించాలి. బెంజోడయాజిపీన్లనూ నల్లమందు మందులనూ కలపడం ప్రాణాంతకం కావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2016లోనే తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. మాత్ర వేసుకున్న రాత్రి మద్యం తాగడమూ ఇదే కోవ.

ఇప్పుడు అసలు పోటీ ఎవరి మధ్య అన్నది చూడాలి. నా అనుభవంలో అది మాత్రకూ మాత్రకూ మధ్య కాదు, మాత్రకూ సీపాప్ యంత్రానికీ మధ్య. సీపాప్ ముక్కు మీద పెట్టిన మాస్కు ద్వారా గాలిని కొంత ఒత్తిడితో పంపి, గొంతు గోడలు దగ్గరకు రాకుండా లోపలి నుంచే ఆపుతుంది. మల్కాజిగిరి ఆయనకు తొమ్మిది సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర గురక పోయింది. గొంతు మూసుకోకపోతే మెలకువ ఆలస్యమైనా పెద్ద నష్టం లేదు. కాబట్టి సీపాప్ పెట్టుకున్న మనిషికి మాత్రతో వచ్చే ఊపిరి ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. మాస్కుకు అలవాటుపడే మొదటి రెండు వారాల్లో ఎస్జోపిక్లోన్ అనే నిద్రమాత్ర ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో, ఆరు నెలల తర్వాత కూడా యంత్రాన్ని ఎక్కువ గంటలు వాడినట్టు తేలింది. ఇక్కడ మాత్ర యంత్రానికి తోడుగా, గడువుతో వచ్చింది, దానికి బదులుగా కాదు.

అయితే దీనికీ ఒక బలహీనత ఉంది. మత్తులో ఉన్న మనిషికి మాస్కు జారిపోయినా, నిద్రలో తానే లాగేసుకున్నా తెలియదు. మిగతా రాత్రంతా రక్షణ లేకుండా, మాత్ర ప్రభావంతో గడుస్తుంది. యంత్రం తెరమీద పొద్దున కనిపించే వాడిన గంటల లెక్క, గాలి కారిన లెక్క, మిగిలిన ఏహెచ్‌ఐ మూడింటినీ మాత్ర వాడే రోజుల్లో తప్పక చూడాలి. పడుకున్నది ఏడు గంటలైతే వాడింది మూడే గంటలని చూపిస్తే ఆ మాత్రను కొనసాగించకూడదు. కరెంటు పోయే ప్రాంతమైతే యంత్రాన్ని ఇన్వర్టర్ లైనుకు కలపడం కూడా ఇందులో భాగమే.

నిద్ర పట్టకపోవడం అప్పటికీ మిగిలితే, మందు లేని చికిత్స, నిద్ర అలవాట్లను మార్చే సీబీటీ-ఐ. మంచం మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయే సమయానికి దగ్గరగా కుదించి, నిద్ర గట్టిపడ్డాక కొద్దికొద్దిగా పెంచడం దాని ప్రధాన పద్ధతి. ఇది ఊపిరిని ఏమాత్రం తాకదు. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటగా ఎంచుకోవలసింది ఇదే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఆప్నియా వల్ల పగటి మత్తు ఎక్కువగా ఉండి, రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడిపేవారికి మంచం సమయాన్ని బాగా కుదిస్తే చక్రం ముందు కునుకు పట్టవచ్చు. అలాంటివారికి ముందు సీపాప్ కుదుర్చి, తర్వాతే ఇది మొదలుపెట్టాలి.

ఇదంతా చదివి ఈ రాత్రి నుంచే మాత్ర ఆపేద్దామనుకునేవారికి గట్టిగా చెబుతున్నాను, నెలల తరబడి వాడిన బెంజోడయాజిపీన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. వణుకు, తీవ్రమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఐదు నుంచి పది శాతం చొప్పున తగ్గించడం, ఏ రెండు వారాల్లోనూ ఇరవై ఐదు శాతం దాటకపోవడం ఇప్పటి వైద్య సూచన. అల్ప్రాజోలామ్, జోల్పిడెమ్ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి పేరు మందుల షాపు రిజిస్టరులో రాయాలి. ఆ నియమం ఉన్న మందును పాత చీటీతో ఏళ్ల తరబడి తెచ్చుకోవడం వల్లే, దాని గురించి మళ్లీ ఆలోచించే అవకాశం ఏ వైద్యుడికీ దొరకడం లేదు. మల్కాజిగిరి ఆయన విషయంలో వైద్యులు ముందు సీపాప్ పెట్టించి, అది కుదిరాకే మాత్ర తగ్గించడం మొదలుపెట్టారు. పూర్తిగా మానడానికి ఎన్నో నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు నిద్ర చెడి, తగ్గించడం ఆపవలసి వచ్చింది కూడా.

ఆయన చివరిసారి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగారు. "సార్, మా మేనకోడలు పెండ్లికి సిద్దిపేట వోతున్న. మిషన్ మోస్కపోవుడు ఎందుకని, ఆ రెండు రాత్రులు పాత గోలీ సగం ఏస్కుంటే నడ్వదా?" యంత్రం లేని రాత్రే మాత్ర అన్నిటికంటే ప్రమాదకరమైన రాత్రి అని చెప్పాను. పెళ్లివారింట్లో పడక కొత్తది, భోజనం ఆలస్యం, ఒకవేళ మద్యం కూడా పుచ్చుకుంటే గొంతు ఇంకా వదులవుతుంది. యంత్రం తీసుకెళ్లడం నిజంగా కుదరకపోతే మాత్ర లేకుండా, మద్యం లేకుండా, వీపు వెనుక దిండు పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోమన్నాను. ఆమె మధ్యలో అందుకుని, "మిషన్ నేను వట్టుకొస్త సార్, చీరెల సంచి కంటె తేలికనే ఉంటది," అన్నారు. మిగిలిన మాత్రల పట్టీని ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్లారు.